పాపికొండల ఫొటోకు పొగమంచు: చేతి మాస్కా, డెప్త్ మ్యాపా, ఏది మేలు?

గోదావరి మీద తీసిన పాపికొండల ఫొటో ఒకటి ఉందనుకుందాం. అందులో లాంచీ వంద మీటర్ల దూరంలోనూ, దాని వెనుక మూడు కొండల వరుసలు అర కిలోమీటరు, ఒక కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దూరంలోనూ ఉన్నాయి. దానికి ఎడిటింగ్‌లో పొగమంచు వేయాలి. ఫొటో అంతటా ఒకే తెల్లటి పొర పరిస్తే లాంచీ, చివరి కొండ ఒకే మోతాదులో వెలిసిపోతాయి కనుక ఆ పద్ధతిని పక్కన పెట్టవచ్చు. మిగిలినవి రెండు: మంచు ఎక్కడ ఎంత పడాలో చేత్తో గీసుకునే మాస్కు, ఫొటోలో ప్రతి బిందువు ఎంత దూరంలో ఉందో చూపే డెప్త్ మ్యాపు. ఈ రెండూ పాటించవలసిన సూత్రం ఒక్కటే.

```
I = J·t + A·(1 − t),  t = e^(−β·d)
```

ఇక్కడ I ఫొటోలో కనిపించే రంగు, J అసలు రంగు, t మంచును దాటి మిగిలే అసలు రంగు వాటా, A మంచు రంగు, d దూరం, β మంచు సాంద్రత. మూడు కిలోమీటర్ల దూరానికి కాంట్రాస్టు 5 శాతానికి పడిపోయేంత పలుచని మంచుకు β విలువ కిలోమీటరుకు దాదాపు 1. అప్పుడు మంచు రంగు వాటా లాంచీపై 10, కొండలపై వరుసగా 39, 63, 86 శాతం ఉండాలి. ఆ రంగును దిగంతం దగ్గరి ఆకాశం నుంచి తీసుకొని, Screen కాక Normal బ్లెండింగ్‌లో కలపాలి. ఎందుకంటే దూరాన ఉన్న తెల్లని గోడ మంచులో కాస్త మసకబారాలి, Screen దేన్నీ మసకబార్చదు.

సాఫ్ట్‌వేరు ఒక్క ఫొటో నుంచి అంచనా వేసే డెప్త్ మ్యాపు చాలాసార్లు దూరాన్ని కాక దాని విలోమాన్ని ఇస్తుంది. దాన్ని తిరగేసి నేరుగా మాస్కుగా వాడితే లాంచీపై మంచు సున్నా అవుతుంది, కొండలపై 80, 90, 95 శాతం పడుతుంది. మొదటి కొండే మునిగిపోయి, మూడు వరుసలూ ఒకే గోడలా కనిపిస్తే లోపం ఇదేనని గుర్తించవచ్చు. తెలిసిన రెండు దూరాల సాయంతో మ్యాపును అసలు దూరాలలోకి మార్చుకుంటే ఇది సర్దుకుంటుంది గానీ, చెట్ల కొమ్మల అంచుల్లో మిగిలే వెలుగు గీతలను చేత్తోనే తుడవాలి.

నీటి దగ్గర తేడా ఇంకా స్పష్టం. డెప్త్ మ్యాపు నీటి ఉపరితలం ఎంత దూరంలో ఉందో చెబుతుంది. కానీ ప్రతిబింబపు కాంతి కొండ నుంచి బయలుదేరి నీటిని తాకి కెమెరాను చేరుతుంది. అందువల్ల కిలోమీటరు దూరపు కొండపై 63 శాతం మంచు ఉంటే, నిశ్చలమైన నీటిలో దాని ప్రతిబింబంపైనా సుమారు అంతే ఉండాలి. మ్యాపును నమ్ముకుంటే కొండ మసకగా, ప్రతిబింబం నిగనిగలాడుతూ మిగులుతుంది. చేతి పద్ధతిలో ఆ కొండ మాస్కునే నీటిలోకి తలకిందులుగా పొడిగిస్తే సరిపోతుంది.

కాబట్టి ఈ ఫొటోకు నా ఓటు చేతి మాస్కులకే, కొండకొక పొర చొప్పున. అయితే పాదాల దగ్గర మొదలై దిగంతం దాకా తెగకుండా సాగే వరిచేలలో పొరలు కోయడానికి చోటే దొరకదు. అక్కడ సరిచేసిన డెప్త్ మ్యాపే మేలు.

వాన వేయాలన్నా ఈ దూరాలే ఆధారం. విడివిడి చినుకుల గీతలు లాంచీకి ఇవతల మాత్రమే, కొద్దిగా, పొడవుగా, మసకగా ఉండాలి. దూరపు కొండలపై వాన గీతలుగా కనిపించదు, పై లెక్క ప్రకారం పరిచిన బూడిదరంగు తెరగానే కనిపిస్తుంది.