ఫ్రెంచ్ మందు సీసా: కెమెరా అనువాదమా, ఊళ్లో మెడికల్ షాపు సలహానా, అక్కడి ఫార్మసిస్టా? ఏది మేలు?

ఫ్రాన్స్‌లో చిన్నపిల్లలున్న మనవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. పిల్లకి రాత్రి జ్వరం, ఇంట్లో డోలిప్రాన్ సిరప్ ఉంది, అంటే మన పారాసిటమాలే, కానీ పెట్టె మీద అంతా ఫ్రెంచ్. ఫోన్ కెమెరా పెట్టి చదవాలా, ఇండియాలో తెలిసిన మెడికల్ షాపతనికి ఫోటో పంపాలా, లేక అక్కడి ఫార్మసిస్టుని అడగాలా?

ముందు కెమెరా సంగతి. మందు పేరేంటి, ఏ వయసువాళ్లకి, గడువు ఎప్పటివరకు, ఈ మూడూ కెమెరా బాగానే చెబుతుంది. అంతవరకు నేనూ వాడతాను. చిక్కంతా అంకెల దగ్గర. సీసా మీద 2,4 % అని ఉంటుంది. ఫ్రెంచ్‌వాళ్లు దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు, కాబట్టి అది రెండు పాయింట్ నాలుగు, అంటే ఒక మి.లీ.లో 24 మి.గ్రా. మందు. గుండ్రటి సీసా మీద లైటు పడి మెరిస్తే ఆ కామా కెమెరాకి కనపడకపోవచ్చు, అప్పుడు 24 అయిపోతుంది, అంటే పది రెట్లు తేడా. అంకెలు అక్కడా ఇక్కడా ఒకటే కాబట్టి అనువాదంలో చూడనక్కర్లేదు, పెట్టె మీదే కళ్లతో చూసి కాగితం మీద రాసుకోండి. కెమెరాని కదిలించిన ప్రతిసారీ స్క్రీన్ మీద అంకె మారుతోందంటే అది సరిగ్గా చదవట్లేదని అర్థం. లోపలి కాగితాన్ని బల్ల మీద చదునుగా పరిచి ఫోటో తీస్తే సీసా కంటే చాలా నయం.

కానీ అంకెలన్నీ సరిగ్గా వచ్చినా పొరపాటు జరిగే చోటు ఇంకోటుంది, నాకు అసలు భయం అక్కడే. ఈ సిరప్‌తో వచ్చే సిరంజి మీద గీతలు మి.లీ.లు కావు, పిల్ల బరువు కిలోల్లో. పది కిలోల పిల్లయితే 10 అనే గీత వరకు లాగాలి, అందులో ఉండే మందు కిలోకి 15 మి.గ్రా. చొప్పున 150 మి.గ్రా., అంటే 6.25 మి.లీ. ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుసార్లు మించకూడదు, మొత్తం కిలోకి 60 మి.గ్రా. దాటకూడదు. ఇప్పుడు ఆ సిరంజి ఎక్కడో పోయిందనుకోండి, 'పది' అన్నది గుర్తుపెట్టుకుని ఇండియా నుంచి తెచ్చిన మి.లీ. సిరంజితో పది మి.లీ. పట్టేస్తే 240 మి.గ్రా. వెళ్తుంది, నాలుగుసార్లు పట్టేసరికి 960. ఆ పిల్లకి రోజుకి హద్దు 600 మాత్రమే! అనువాదంలో ఒక్క తప్పు కూడా లేకుండానే ఇదంతా జరగొచ్చు. పక్కనున్న వేరే మందు సిరంజి దొరికింది కదా అని దాంతో పట్టడం కూడా ఇలాంటిదే, ఏ సీసా సిరంజి ఆ సీసాకే.

ఇక ఇండియాకి ఫోటో పంపడం. అన్నయ్య స్నేహితుడిదే షాపు, అర్ధరాత్రయినా ఫోనెత్తుతాడు, తెలుగులో మాట్లాడతాడు, ఆ ధైర్యం వేరు, కాదనను. అయితే ఆయన చేతికి అలవాటైన సీసా వేరు. మన దగ్గర 5 మి.లీ.కి 120, 125 ఉన్న సిరప్‌లూ ఉన్నాయి, 250 ఉన్నవీ ఉన్నాయి. ఆయన 250ది మనసులో పెట్టుకుని "మూడు మి.లీ. పట్టమ్మా" అంటే, ఫ్రెంచ్ సీసాలోంచి వెళ్లేది 72 మి.గ్రా., కావాల్సిన దాంట్లో సగం కూడా కాదు. జ్వరం తగ్గదు, మనం కంగారుపడి గంటకే మళ్లీ పట్టేస్తాం. ఆయన్ని అడగాలంటే ఎన్ని మి.లీ. అని కాదు, పిల్ల బరువు, ఒక మి.లీ.లో ఎన్ని మి.గ్రా. ఉందో చెప్పి లెక్క సరిచూడమనండి.

నా ఓటు మాత్రం ఫార్మసిస్టుకే. ఫ్రాన్స్‌లో పారాసిటమాల్ సూపర్‌మార్కెట్‌లో అమ్మరు, 2020 జనవరి నుంచి ఫార్మసీలో కూడా కౌంటరు వెనకే పెడుతున్నారు, కాబట్టి కొనేటప్పుడు ఎలాగూ ఫార్మసిస్టు ఎదురుగానే ఉంటారు. పిల్ల బరువు చెప్పి, ఏ గీత వరకు, ఎన్ని గంటలకోసారి అన్నది పెట్టె మీద రాయించుకోండి. ఫ్రెంచ్ రాకపోయినా వేలితో గీత చూపిస్తే చాలు. రాత్రిపూట తెరిచి ఉన్న ఫార్మసీ ఎక్కడుందో 3237కి ఫోన్ చేస్తే చెబుతారు. కాకపోతే జ్వరం ముందే చెప్పి రాదు కదా, అందుకే కొన్నరోజే ఆ రెండు ముక్కలు రాయించుకోవడం మేలు.

ఒకవేళ ఎక్కువ పట్టేశామని అనుమానమొస్తే, పిల్ల ఆడుకుంటోంది కదా అని ఊరుకోకండి. పారాసిటమాల్ ఎక్కువైతే దెబ్బ పడేది లివర్‌కి, మొదటి రోజు పైకి ఏమీ తెలియకపోవచ్చు, విరుగుడు మందేమో మొదటి ఎనిమిది గంటల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది. వెంటనే 15కి గానీ 112కి గానీ ఫోన్ చేసి పిల్ల బరువు, సీసా మీది 2,4 %, ఎన్ని మి.లీ., ఏయే టైముల్లో పట్టారో చెప్పండి. సీసా, వాడిన సిరంజి పారేయకుండా దగ్గర పెట్టుకోండి.