శీర్షిక మార్చి, కెనానికల్ పెట్టి ఇచ్చిన వ్యాసాలు: కొన్నేళ్ల వాడకం తర్వాత

పర్లాకిమిడి నుంచి మేము నడిపే చిన్న తెలుగు సైటులోని వ్యాసాలను శ్రీకాకుళం వైపు ఉన్న ఒక పెద్ద సైటు కొన్నేళ్లుగా తిరిగి ప్రచురిస్తోంది. ఒప్పందం సులువైనదే. వ్యాసం మాది, శీర్షిక వాళ్లకు నచ్చినట్టు మార్చుకోవచ్చు, అసలు పేజీ ఏదో గూగుల్‌కు చెప్పే కెనానికల్ ట్యాగ్ మాత్రం వాళ్ల పేజీలో మా పేజీ వైపు చూపాలి. ఇన్నాళ్లు వాడాక నేను చెప్పగలిగేది ఇది: పద్ధతి పనికొస్తుంది, కానీ చాలామంది అనుకునే కారణానికి కాదు, అనుకునేంత గట్టిగానూ కాదు.

ముందు శీర్షిక సంగతి. పేరు మారితే గూగుల్ దాన్ని వేరే వ్యాసంగా చూస్తుందన్న నమ్మకం మన సైట్ల వాళ్లలో బలంగా ఉంది. అది నిజం కాదు. రెండు పేజీలు ఒకటేనా అని తేల్చేటప్పుడు గూగుల్ ప్రధానంగా చూసేది లోపలి పాఠాన్ని. శీర్షిక మార్చడం పాఠకుల కోసం, అంతే. దానికి మా దగ్గర మంచి ఉదాహరణ ఉంది. 1900లో మొదలైన నౌపడా చిన్న రైలు మీద మేము రాసిన వ్యాసం పేరు ‘పర్లాకిమిడి చిన్న రైలు చరిత్ర’. నౌపడా ఉన్నది శ్రీకాకుళం జిల్లాలో కాబట్టి భాగస్వాములు దాన్ని ‘నౌపడా నుంచి రాజుగారి రైలు’ అన్నారు. వాళ్ల పాఠకులకు అదే దగ్గరి పేరు. వాళ్ల ముఖపుటలో, వాట్సాప్ పంపకాల్లో అది బాగా నడిచింది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. కెనానికల్ అనుకున్నట్టు పనిచేస్తే వెతుకులాట ఫలితాల్లో మామూలుగా కనిపించేది మా పేజీ, మా శీర్షికే. వాళ్లు ముచ్చటపడి పెట్టిన పేరు అక్కడ దాదాపు కనిపించదు. “మా పేజీ గూగుల్‌లో ఎందుకు రావడం లేదండీ?” అని వాళ్ల సంపాదకుడు ఫోను చేసి అడిగారు. రాకపోవడమే ఒప్పందం ఫలించిందనడానికి గుర్తు. కొత్త భాగస్వామితో ఈ మాట మొదటి రోజే చెప్పుకోవాలి. చెప్పకపోతే కొన్ని నెలలకు వాళ్లు ఆ ట్యాగును మెల్లగా తీసేస్తారు, మనకు తెలియను కూడా తెలియదు.

ట్యాగు చూడడానికి ఒక్క వరుసే. వాళ్ల పేజీ `<head>` భాగంలో ఇలా ఉండాలి:

```html
<link rel="canonical" href="https://www.example.in/parlakimidi-chinna-railu/">
```

2009 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి దీన్ని తెచ్చాయి. ఒక సైటు నుంచి మరో సైటుకు చూపినా లెక్కలోకి తీసుకుంటామని అదే ఏడాది డిసెంబరులో గూగుల్ ప్రకటించింది. అయితే దీన్ని ఆజ్ఞగా కాక మనవిగానే తీసుకుంటుంది. మిగతా సూచనలు మరో పేజీ వైపు మొగ్గితే దీన్ని పక్కన పెట్టేస్తుంది.

మా అనుభవంలో మనవి చెల్లకుండా పోయిన సందర్భాల్లో ఎక్కువ భాగం ఒకే కారణంతో వచ్చాయి: పేజీలో రెండు కెనానికల్ ట్యాగులు. వర్డ్‌ప్రెస్‌లో ఎస్ఈఓ ప్లగిన్ ప్రతి పేజీకి దాని సొంత చిరునామానే కెనానికల్‌గా రాసేస్తుంది. దాన్ని మార్చాల్సింది ప్లగిన్‌లోని `Canonical URL` గడిలో. భాగస్వాముల మనిషి ఆ గడి వదిలేసి మా వరుసను థీమ్‌లో విడిగా అతికించారు. దాంతో ఒకే పేజీ ఒకచోట ‘నేనే అసలు’ అని, మరోచోట ‘అసలు వేరే ఉంది’ అని చెప్పింది. అలాంటప్పుడు గూగుల్ సాధారణంగా రెండింటినీ వదిలేస్తుంది. కనిపెట్టడం సులువు: పేజీ సోర్స్ తెరిచి `canonical` అని వెతకాలి, ఒక్కచోటే దొరకాలి. అది `<body>`లో దొరికినా లాభం లేదు.

తెలుగు సైట్లకే ప్రత్యేకమైన మరో ఇబ్బంది ఉంది. వర్డ్‌ప్రెస్ శీర్షిక నుంచి తయారుచేసే చిరునామా ముక్కకు 200 అక్షరాల హద్దు ఉంటుంది. తెలుగులో ఒక్కో హల్లు, ఒక్కో గుణింతపు గుర్తు, ఒక్కో పొల్లు `%E0%B0...` లేదా `%E0%B1...` రూపంలోకి మారి తొమ్మిదేసి అక్షరాలు తింటుంది. మా రైలు వ్యాసం శీర్షిక అలా మారేసరికి ‘పర్లాకిమిడి-చిన్న-రైలు-చ’ దగ్గర తెగిపోతుంది. ఎవరైనా శీర్షిక చూసి చిరునామాను చేత్తో టైపు చేస్తే, అది మా పేజీ చిరునామా కాదు. అందుకే మేము చిరునామాలు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెడతాం, భాగస్వాములకు వ్యాసంతో పాటు ఆ వరుసను తయారుచేసి పంపుతాం.

ఫలితం చూసుకోవడానికి వాళ్ల సైటులోకి మనకు ప్రవేశం అక్కరలేదు. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మన వ్యాసం చిరునామాను పరిశీలనకు పెడితే `Google-selected canonical` అనే వరుస వస్తుంది. అక్కడ మన పేజీయే ఉంటే సరే. భాగస్వామి చిరునామా కనిపిస్తే గూగుల్ వాళ్ల నకలునే అసలుగా ఎంచుకుందని అర్థం.

ట్యాగు అన్నివిధాలా సరిగ్గా ఉన్నా అలా జరగవచ్చు. ఒక కొత్త సంపాదకుడు వచ్చాక శీర్షికతో ఆగకుండా మొదటి రెండు పేరాలు తిరగరాయడం, మధ్యలో తమ పాత కథనాలను చేర్చడం మొదలుపెట్టారు. పేజీ మా దానికి నకలుగా కనిపించకపోతే కెనానికల్‌కు ఆధారమే పోతుంది. మా రైలు వ్యాసానికి అదే గతి పట్టి, కొన్నాళ్లు రెండు పేజీలూ ఫలితాల్లో విడివిడిగా వచ్చాయి. నాకు నిజంగా బాధ కలిగింది. గుణుపూర్ వెళ్లి, ఆ రైలు ఎక్కిన పెద్దలతో మాట్లాడి రాసిన వ్యాసం అది.

గూగుల్ కూడా ఈ బలహీనతను ఒప్పుకుంది. తిరిగి ప్రచురించే సైట్ల విషయంలో కెనానికల్‌ను తాము సిఫారసు చేయడం లేదని, భాగస్వామి పేజీ ఇండెక్స్ కాకుండా ఆపడమే మేలని 2023లో తన మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. అంటే ఈ వరుస:

```html
<meta name="robots" content="noindex">
```

ఇది మనవి కాదు, గూగుల్ పాటించే నియమం. కానీ ఆ పేజీని `robots.txt`లో మూసేయకూడదు. మూస్తే గూగుల్ లోపలికి రాదు, ఈ వరుసను చదవదు. ఇప్పుడు మేము పాఠం మార్చకుండా వేసుకునే చిన్న సైట్లకు కెనానికల్, మాకంటే పెద్దవాళ్లకు ఈ `noindex` వరుస పెట్టమని అడుగుతున్నాం. రెండూ ఒకే పేజీలో వద్దంటాం, ఒకదాని అర్థం రెండోదానికి అడ్డం వస్తుంది. పెద్దవాళ్లు అందరూ ఒప్పుకోరు. ఒప్పుకోని వాళ్లకు పూర్తి వ్యాసం ఇవ్వడం మానేసి, మొదటి రెండు పేరాలూ మా పేజీకి లింకూ ఇస్తున్నాం. నకలు వల్ల శిక్ష పడుతుందన్న భయంతో చేస్తున్న పని కాదిది. నిజాయితీగా తిరిగి ప్రచురించుకుంటే శిక్ష ఏమీ లేదు. ఎవరి పేజీ ముందు కనిపిస్తుందన్నదే మా పట్టింపు.

మన సరిహద్దు జిల్లాల వాళ్లకు ఒక్క మాట. బరంపురం మిత్రులు మా వ్యాసాలను ఒడియాలోకి అనువదించి వేస్తుంటారు. వాటికి ఈ ట్యాగు పెట్టించకండి. అనువాదాన్ని గూగుల్ నకలుగా చూడదు. ఒడియా పేజీ తెలుగు పేజీ వైపు చూపితే, ఒడియాలో వెతికేవాళ్లకు ఆ పేజీ దొరకకుండా పోయే ప్రమాదం ఉంది. ఆ పేజీకి దాని చిరునామానే కెనానికల్‌గా ఉంచి, కింద మామూలు లింకుతో మూలవ్యాసాన్ని చూపిస్తే చాలు.