పెద్ద షేరా, చిన్న షేరా: 50,000 పెడితే అసలు ఖర్చెంత?

పెద్ద కంపెనీ షేరుకైనా, చిన్న కంపెనీ షేరుకైనా బ్రోకరేజీ, పన్నులు దాదాపు ఒకటే. తేడా బ్రోకర్ పంపే బిల్లు, అంటే కాంట్రాక్ట్ నోట్‌లో కనిపించదు, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య గ్యాప్‌లో ఉంటుంది. ఒక లెక్క వేసి చూద్దాం.

పెద్ద షేరు: కొనేవాళ్లు 999.90 ఇస్తామంటారు, అమ్మేవాళ్లు 1,000 అడుగుతారు. 50 షేర్లు కొని వెంటనే అమ్మేస్తే పోయేది 5 రూపాయలు.

చిన్న షేరు: కొనేవాళ్ల ధర 97, అమ్మేవాళ్ల ధర 100. మీకు 500 షేర్లు కావాలి. కానీ 100కి ఉన్నవి 120 మాత్రమే. 101కి 180, మిగతా 200 షేర్లు 103కి. దొరికిన ధరకే కొనేసే మార్కెట్ ఆర్డర్ పెడితే అన్నీ తుడిచిపెట్టుకుంటూ పోతుంది, బిల్లు 50,780. అన్నీ 97కే అమ్ముడుపోయినా వచ్చేది 48,500. అంటే 2,280 నష్టం, దాదాపు 4.5 శాతం, షేరు ధర అసలు పడకుండానే!

శ్రమ: పెద్ద షేరుకు ఒక్క క్లిక్. చిన్నదానికి ఈ ధర దాటి కొననని లిమిట్ ఆర్డర్ పెట్టి, కొద్దికొద్దిగా, రోజుల తరబడి కొనాలి.

రిస్క్: చెడువార్త వచ్చి ధర ఆ రోజుకు పడగల కింది హద్దుకు చేరి లోయర్ సర్క్యూట్ పడితే చిన్న షేరుకు కొనేవాడే ఉండడు. నాకు అన్నిటికన్నా భయం ఇదే.

ఏడాదిలోపు డబ్బు అవసరమైతే, తరచూ కొని అమ్మే అలవాటుంటే పెద్ద షేరే నయం. కంపెనీని బాగా చదివి, ఏళ్లపాటు కదపని డబ్బుంటే చిన్నది. అప్పుడు ఆ 4.5 శాతం ఎన్నో ఏళ్ల మీద సర్దుకుంటుంది.