రెండో కెమెరా ఎక్కడ పెడితే మేలు: పూర్తిగా పక్కనా, కొంచెం ఏటవాలుగానా?

2018లో జీఐ గుర్తింపు వచ్చిన వరంగల్ దరీలు నేసే కొత్తవాడలో ఒక పెద్దాయన్ని వీడియో ఇంటర్వ్యూ చేశాను. రెండు కెమెరాలు. మొదటిదాని గురించి ఆలోచించే పని లేదు: ఆయన కళ్ల ఎత్తులో లెన్సు, దానికి కుడివైపు జానెడు దూరంలో నా తల. ఆయన చూపు నా మీదే ఉంటుంది. లెన్సులోకి చూసి మాట్లాడమంటే అలవాటు లేనివాళ్లు బిగుసుకుపోతారు.

చిక్కంతా రెండోదానితోనే. మొదట ఆయనకు పూర్తిగా పక్కన, తొంభై డిగ్రీల్లో పెట్టాను. మగ్గం, నూలు, చేతులు అద్భుతంగా వచ్చాయి. కానీ కొడుకు సూరత్ పోయిన సంగతి చెప్పేటప్పుడు ఒక కన్నే కనబడింది, ముఖంలోని బాధ అందలేదు. పైగా ఆ కెమెరా దగ్గర నిలబడ్డ మా తమ్ముడు తలూపుతుంటే ఆయన చూపు మాటిమాటికీ అటే పోయింది.

అందుకే దాన్ని మొదటి కెమెరాకు ఎడమవైపు, దాదాపు ముప్పై ఐదు డిగ్రీల దూరానికి జరిపాను. రెండు కళ్లూ కనబడతాయి. ముప్పై కన్నా తగ్గిస్తే కట్ చేసినప్పుడు బొమ్మ ఎగిరినట్టుంటుంది. మొదటిదాంట్లో నడుము దాకా, రెండోదాంట్లో ముఖం మాత్రమే పెడితే కట్ ఇంకా సాఫీగా ఉంటుంది. దాన్ని నాకు కుడివైపు మాత్రం పెట్టొద్దు. ఒక షాట్‌లో కుడికి చూసే మనిషి తర్వాతి షాట్‌లో ఎడమకు చూస్తాడు, ఎవరితో మాట్లాడుతున్నాడో అర్థం కాదు. మాటలకు ఏటవాలే మేలని నా నిర్ణయం. పక్క కోణాన్ని పని చేసేటప్పుడు విడిగా తీసుకుంటాను. తమ్ముణ్ని నా వెనక్కి పిలిచి, రికార్డింగ్ ఎర్రలైటు మీద నల్లటేపు వేశాను.

ప్రశ్నల వరుసలోనూ రెండు దారులున్నాయి. పేరు, ఊరు, వయసుతో మొదలుపెడితే ఆఫీసులో దరఖాస్తు నింపినట్టు ఒక్కో మాటే వస్తుంది, గొంతు అక్కడే బిగుస్తుంది. నేను చేతిలో ఉన్న పనితో మొదలుపెట్టాను.

"తాతా, పొద్దుగాల మగ్గం కాడ కూసుంటే ముందుగాల ఏం చేస్తరు?"

"ఏముంది బిడ్డా, ముందుగాల పోగులు చూసుకోవాలె. ఒక్కటి తెగినా సాలు, డిజైన్ కరాబైతది."

చెబుతూనే ఆయన చేతులు గాలిలో పోగు ముడేశాయి. కెమెరా సంగతి మరిచిపోయాడు. "ఎన్నేండ్ల నుంచి నేస్తున్నరు?" అంటే "నలభై" అని ఊరుకుంటాడు, నా గొంతు తీసేశాక ఆ ముక్క దేనికీ పనికిరాదు. "మొదటిసారి మగ్గమెక్కిన రోజు ఎట్లుండె?" అంటే కథ వస్తుంది.

కొడుకు సంగతి ఇరవై నిమిషాల తర్వాతే అడిగాను. జవాబు ఆగాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకుండా, మనసులో ఐదు లెక్కపెట్టాను. ఆ మౌనంలోనే "ఫోన్ చేస్తే ముందుగాల మగ్గం నడుస్తున్నదా అనే అడుగుతడు" అన్నాడు. పేరు, వయసు చివర్లో అడిగాను. అప్పటికీ రెండు కెమెరాలూ ఆపలేదు.