మెస్సు మెనూలో 180 కాస్తా 160 అయిన కథ: పీఎన్‌జీ, జేపెగ్‌ నాలుగేళ్లు వాడినాక

అనంతపురంలో క్లాక్‌ టవర్‌కు దగ్గర్లో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, పాంప్లెట్లు, మెస్సుల మెనూలు, శెనక్కాయల మండీలకు రేట్ల పట్టీలు చేస్తాను. నాలుగేళ్లుగా అన్నీ జింప్‌ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లోనే. మొదటి ఏడాది మొత్తం ఎక్స్‌పోర్ట్‌ అంటే నాకు జేపెగ్‌ అనే ఫైలు రకం ఒక్కటే. ఇప్పుడు ఎనభై శాతం పనులు పీఎన్‌జీలో ఇస్తాను. ఈ మార్పు ఎందుకొచ్చిందో, అయినా జేపెగ్‌ను ఎందుకు వదల్లేకపోయానో చెబుతాను.

ఒక మెస్సు అక్క నలభై ఐటమ్‌ల మెనూ చేయమంది. ఉగ్గాని బజ్జి, జొన్నరొట్టె, ఓళిగలు, చిత్రాన్నం, అన్నీ రెండు వరసల్లో సర్దాను. పసుపు బ్యాక్‌గ్రౌండ్‌, మెరూన్‌ అక్షరాలు, పైన సంగటి ముద్ద ఫోటో. కింద ఆకుపచ్చ పట్టీ మీద ఎర్రటి అక్షరాలతో ఆదివారం స్పెషల్‌: నాటుకోడి పులుసు, సంగటి, 180. సైజు 1240 × 1754 పిక్సెళ్లు, స్పెషల్‌ పట్టీలో అక్షరాల ఎత్తు సుమారు 24 పిక్సెళ్లు, గీత మందం రెండే పిక్సెళ్లు. నా స్క్రీన్‌ మీద ముత్యాల్లా ఉన్నాయి. జేపెగ్‌లో Quality 75 పెట్టి పంపేశాను.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్‌. "ఏమప్పా, నేను నూట ఎనభై రాయమంటే నువ్వు నూట అరవై కొట్టినావే? ఇక్కడ పిల్లోళ్లు ఫోన్‌ చూపిచ్చి కొట్లాడ్తాండారు." నేను నా ఫైలు తెరిచి చూస్తే 180 నిక్షేపంగా ఉంది. ఆమెకు పంపిన జేపెగ్‌ తెరిచి పెద్దది చేస్తే 8 పైన ఉన్న గుండ్రం కుడివైపు పచ్చదనంలో కలిసిపోయి 6 లాగానే కనిపిస్తోంది. అక్క తప్పేం లేదు. ఆ రోజు ఇరవై రూపాయల లెక్కన ఆమెకు పోయింది నా బిల్లులో తగ్గించుకున్నాను.

తర్వాత రెండు రోజులు ఆ పట్టీ పట్టుకునే కూర్చున్నాను. నా మొదటి ఆలోచన అందరిలాగే, Quality పెంచితే సరిపోతుందని. 85 పెట్టాను, 95 పెట్టాను. పసుపు మీదున్న మెరూన్‌ అక్షరాలు బాగుపడ్డాయి. పచ్చ పట్టీ మీద ఎర్ర అక్షరాలు మాత్రం అంతకంతే, అంచులు మట్టిరంగులో అలికినట్టే ఉన్నాయి. ఫైలు మాత్రం లావెక్కింది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. జేపెగ్‌ బొమ్మను రెండుగా విడదీసి చూస్తుంది: వెలుగెంత, రంగేమిటి అని. మన కన్ను వెలుగులో తేడాను చురుగ్గా పడుతుంది, రంగులో తేడాను అంతగా పట్టదు. ఆ బలహీనత మీద ఆధారపడి, 4:2:0 అనే పద్ధతిలో రెండు బై రెండు, అంటే నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు రాసుకుంటుంది. వెలుగు మాత్రం ప్రతి పిక్సెల్‌కూ విడిగా ఉంటుంది. ఫోటోకు ఇది చక్కగా సరిపోతుంది, చింతచెట్టు ఫోటోలో ఎవరూ కనిపెట్టలేరు. రెండు పిక్సెళ్ల గీత మీద మాత్రం ఇది పిడుగే. గీత ఆ నాలుగు పిక్సెళ్ల గడిలో సరిగ్గా కూర్చోకపోతే సగం ఎరుపు, సగం పచ్చ కలిసి ఒక బురద రంగు వస్తుంది.

మరి మెరూన్‌ ఎందుకు బతికింది, ఎరుపు ఎందుకు చచ్చింది? పసుపు బాగా వెలుగు, మెరూన్‌ చీకటి. రంగు అటూ ఇటూ అయినా వెలుగు తేడా అక్షరాన్ని నిలబెడుతుంది. నా ఎరుపు 255, 0, 0. నా ఆకుపచ్చ 0, 128, 0. జేపెగ్‌ లెక్కలో వెలుగు అంటే ఎరుపులో 0.299, పచ్చలో 0.587, నీలంలో 0.114 వంతు కలిపితే వచ్చేది. లెక్క కడితే ఎరుపుకు 76, పచ్చకు 75. అంటే వెలుగు పరంగా అక్కడ అక్షరమే లేదు, ఉన్నదంతా రంగులోనే ఉంది. ఆ రంగునే నాలుగు పిక్సెళ్లకు ఒకటిగా కుదించేశాను. ఇక Quality 95 అయితేనేం, 100 అయితేనేం?

దీన్ని జింప్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. Colors మెనూలో Components, Decompose కు వెళ్లి YCbCr ITU R470 ఎంచుకోండి, కొత్తగా తెరుచుకునే బొమ్మలో luma అనే వెలుగు పొర చూడండి. నా పట్టీ మీద అక్షరాలు మొత్తం మాయమై ఒట్టి బూడిదరంగు దీర్ఘచతురస్రం మిగిలింది. చూసి నేనే నవ్వుకున్నాను. ఎరుపు-పచ్చ తేడా కనపడని కస్టమర్లకు ఆ ధర మొదటినుంచీ సరిగ్గా కనిపించి ఉండదన్నమాట.

ఎక్స్‌పోర్ట్‌ పెట్టెలో Advanced Options తెరిస్తే Subsampling అని ఒక వరస ఉంటుంది. దాన్ని 4:2:0 నుంచి 4:4:4 కు మార్చి, Quality 85 కే పెట్టి మళ్లీ తీశాను. 180 మళ్లీ 180 అయింది. అంటే 4:2:0 తో 95 చేయలేని పని 4:4:4 తో 85 చేసింది. ఆ పెట్టెలోనే Show preview in image window టిక్‌ పెట్టి, బొమ్మను 200 శాతానికి జూమ్‌ చేసి, రెండూ మార్చి మార్చి చూస్తే తేడా కళ్ల ముందే తెలుస్తుంది. మూడేళ్ల నుంచి ఆ టిక్‌ తీయలేదు.

ఇంత చేసినా జేపెగ్‌లో ఒక నలుసు మిగిలే ఉంటుంది. అది బొమ్మను ఎనిమిది బై ఎనిమిది పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడిని సన్నవీ మందమైనవీ అలల కలయికగా రాసుకుని, సన్న అలలను ఎక్కువగా రౌండ్‌ చేసేస్తుంది. అక్షరం అంచు లాంటి పదునుకు ఆ సన్న అలలే ప్రాణం. అవి తగ్గితే ఆ గడి నిండా నలకలు కనిపిస్తాయి, చక్కెర పొట్లం చుట్టూ చీమలు పట్టినట్టు. ఖాళీ పసుపు మీద ఏమీ ఉండదు, అక్షరం ఉన్న గళ్లలోనే చీమలు. తెలుగుకు ఈ బాధ ఎక్కువ. ప కు ఫ కు మధ్య, ద కు ధ కు మధ్య తేడా కింద ఒక చిన్న గీత. థ ను ధ నుంచి విడదీసేది లోపలి చుక్క. ఒత్తులు అసలు అక్షరంలో సగం సైజే. ఇంగ్లీషు మెనూలో A మీద చీమ పడితే A అనే చదువుతారు. మనకు చుక్క మీద చీమ పడితే అక్షరమే మారుతుంది.

అందుకే పీఎన్‌జీకి వచ్చాను. ఇందులో పడేసేది ఏదీ లేదు. వరసగా ఒకే పసుపు ఉంటే "ఇక్కడి నుంచి అక్కడిదాకా ఇదే" అన్నట్టు రాసుకుంటుంది, జిప్‌ ఫైలులో వాడే కుదింపే లోపల ఉంటుంది. తెరిచినప్పుడు ప్రతి పిక్సెల్‌ మనం పెట్టినట్టే వస్తుంది. ఎరుపు-పచ్చ కూడా చెక్కుచెదరదు. ఎక్స్‌పోర్ట్‌లో Compression level 0 నుంచి 9 వరకు ఉంటుంది. షాపులో పని నేర్చుకునే కుర్రాడు 9 పెడితే క్వాలిటీ పోతుందేమోనని 0 పెట్టి, ఆరు మెగాబైట్లకు పైగా ఫైలు తీసి కూర్చున్నాడు. ఆ అంకె క్వాలిటీది కాదు. 9 పెడితే సేవ్‌ అవడానికి కాస్త సమయం ఎక్కువ, ఫైలు చిన్నది, బొమ్మ అదే.

పీఎన్‌జీ పెద్ద ఫైలు అని అందరూ అంటారు. సగం నిజం. అక్క మెనూలో ఫోటో ఉన్నప్పుడు పీఎన్‌జీ ఒక మెగాబైట్‌ దాటింది, మంచి జేపెగ్‌కు దాదాపు రెండింతలు. ఫోటో తీసేసి ఒట్టి రంగులు, అక్షరాలు ఉంచితే వంద చిల్లర కిలోబైట్లకు దిగి, జేపెగ్‌ కంటే చిన్నదైపోయింది. ఇంకా తగ్గాలంటే Image, Mode, Indexed లోకి వెళ్లి 64 రంగులకు కుదిస్తాను. అక్షరాల అంచుల్లో ఉండే మెత్తటి మధ్యరంగులకు అన్ని సరిపోతాయి. అక్కడ Color dithering ను None చేయడం మరవకూడదు, లేకపోతే చుక్కలు చల్లుతుంది, అక్షరాల వెనక గసగసాలు పోసినట్టు. ఫోటో ఉన్న మెనూకు మాత్రం ఇది పనికిరాదు, సంగటి ముద్ద మీద చారలు పడతాయి.

పీఎన్‌జీ మీద నాకున్న ఫిర్యాదు దానిది కాదు, దారిది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది పీఎన్‌జీని కూడా జేపెగ్‌గా మార్చి, సైజు తగ్గించి ఇస్తుంది. మామూలుగా పంపిన బొమ్మ నాకు పొడవు వైపు 1600 పిక్సెళ్లకే చేరింది. డాక్యుమెంట్‌గా పంపితేనే ఉన్నది ఉన్నట్టు పోతుంది. నేను డాక్యుమెంట్‌గానే పంపుతాను. అక్క దాన్ని తెరిచి స్క్రీన్‌షాట్‌ తీసి గ్రూపులో ఫోటోగా పెడుతుంది. చెప్పి చూశాను. "డాకుమెంటు అంటే ఎవురూ తెరవరప్పా" అంది. నిజమే అనుకుంటా.

కాబట్టి ఇప్పుడు డిజైన్‌లోనే ఆ దెబ్బకు తట్టుకునేలా చేస్తున్నాను. ఫోన్‌ మెనూ పొడవు 1600 కు మించనివ్వను, అలాగైతే మధ్యలో సైజైనా తగ్గదు, జేపెగ్‌ కుదింపు మాత్రం తప్పదు. ధరల ఎత్తు 30 పిక్సెళ్లకు తగ్గదు. ఎక్స్‌పోర్ట్‌కు ముందు ఒకసారి Luma పరీక్ష. ఎర్ర అక్షరం కావాలని పట్టుబట్టేవాళ్లకు దాని చుట్టూ తెల్లటి అంచు కడతాను, లేదా పట్టీనే లేత రంగు చేస్తాను. మండలి లాంటి సన్న ఫాంట్‌ను ఐటమ్‌ పేర్లకు వాడతాను గానీ అంకెలకు కొంచెం బలమైనదే.

వెబ్‌పీ అనే ఇంకో ఫైలు రకం కూడా కొన్నాళ్లు చూశాను. నష్టం లేని రకం బాగుంది, పీఎన్‌జీ కంటే చిన్నది. నష్టంతో కుదించే రకంలో రంగు ఎప్పుడూ 4:2:0 గానే ఉంటుంది, మార్చడానికి వీల్లేదు, కాబట్టి నా ఎర్ర అంకెలకు అది కూడా పాత జేపెగ్‌ కథే. ఫ్లెక్సీ ప్రింటింగ్‌కు పీఎన్‌జీ ఇవ్వను, అందులో ప్రింటింగ్‌ నాలుగు రంగుల పద్ధతి ఉండదు. టిఫ్‌ గానీ పీడీఎఫ్‌ గానీ ఇస్తాను.

కొందరు గ్రూపులో నాలుగు చేతులు మారి వచ్చిన పాత మెనూ తెచ్చి, "దీన్ని పీఎన్‌జీ చేసియ్యన్నా, క్లియర్‌గా వస్తాదంట" అంటారు. చేస్తే చీమలను కూడా చెక్కుచెదరకుండా భద్రపరిచినట్టవుతుంది, ఫైలు మాత్రం మూడింతలు. అలాంటివి మళ్లీ టైపు చేయాల్సిందే, దానికి డబ్బు తీసుకుంటాను. నేను చేసిన ప్రతి పనికీ జింప్‌ సొంత .xcf ఫైలు పక్కన పెట్టుకుంటాను. రేటు మారినప్పుడు దాన్నే తెరిచి దిద్దుతాను, పంపిన జేపెగ్‌ మీద ఎప్పుడూ దిద్దను.

అక్క మెనూ పోయిన నెల మళ్లీ చేశాను. నాటుకోడి ఇప్పుడు 220. తెల్ల పట్టీ, ముదురు మెరూన్‌ అంకెలు. పీఎన్‌జీ డాక్యుమెంట్‌గా ఒకటి, 4:4:4 జేపెగ్‌ ఒకటి, రెండూ పంపాను. ఆమె జేపెగ్‌నే గ్రూపులో వేసింది. ఈసారి ఫోన్‌ రాలేదు.