వంటింటి అల్యూమినియం వైరు: బిగిస్తే చాలా, రాగి ముక్క కలపాలా, మొత్తం మార్చాలా?

వంటింట్లో ఉన్నది పాత అల్యూమినియం వైరని తేలగానే ఇంటివాళ్లు దాదాపు అందరూ అడిగేది ఒకటే: "స్క్రూలు బిగించి కొత్త సాకెట్లు వేస్తే సరిపోదా? వైరంతా పీకాల్సిందేనా?" మీరూ అదే అడిగారు. మీ ముందు మూడు దారులున్నాయి: పాత వైరు మీదే కొత్త సాకెట్లు బిగించడం, ప్రతి బాక్సులో అల్యూమినియం కొనకు రాగి ముక్క కలపడం, లైను మొత్తం రాగితో మార్చడం. ఏది మేలో చెప్పాలంటే ముందు ఇండక్షన్ పొయ్యి పక్కనున్న ఆ 16 ఆంపియర్ల సాకెట్ దగ్గర ఏం జరిగిందో చూడాలి.

దాని ప్లేటు విప్పితే ఫేజు టెర్మినల్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. వైరు మీది తొడుగు అంగుళం మేర గట్టిపడి, వంచితే పెళపెళ విరుగుతోంది. న్యూట్రల్ వైపు రంగు అంతగా మారలేదు. అదే వైరు రెండడుగుల అవతల పైపులో కొత్తదానిలా ఉంది. అంటే మాడింది వైరు కాదు, జాయింటు.

అల్యూమినియం మెత్తటి లోహం. స్క్రూ కింద నొక్కుకుపోయి నెలల తరబడి కొద్దికొద్దిగా పక్కకు జరుగుతుంది. పైగా వేడికి రాగి కంటే మూడో వంతు ఎక్కువ సాగుతుంది. పొయ్యి వెలిగించినప్పుడల్లా వేడెక్కి ఉబ్బుతుంది, ఆపాక చల్లారి తగ్గుతుంది, స్క్రూ పట్టు ప్రతిసారీ కాస్త సడలుతుంది. ఆ సందులోకి గాలి చేరితే లోహం మీద ఆక్సైడు పొర కడుతుంది. రాగికి కట్టే పొర అంత పెద్ద అడ్డంకి కాదు. అల్యూమినియం పొర మాత్రం కరెంటును దాదాపు పోనివ్వదు. జాయింటులో నిరోధం పెరుగుతుంది, దాంతో వేడి పెరుగుతుంది, ఆ వేడికి పట్టు ఇంకా సడలుతుంది.

లెక్క వేసి చూడండి. 230 వోల్టుల మీద 2000 వాట్ల పొయ్యి దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఆ జాయింటులో నిరోధం అర ఓము ఉందనుకుంటే, అక్కడ పుట్టే వేడి 8.7 × 8.7 × 0.5, అంటే సుమారు 38 వాట్లు. ఒక సోల్డరింగ్ ఐరన్‌ను ప్లాస్టిక్ ప్లేటు వెనక మూసిన పెట్టెలో వెలిగించి వదిలేసినట్టు. బోర్డులోని 16 ఆంపియర్ల ఎంసీబీకి మాత్రం కనిపించేది ఆ 8.7 ఆంపియర్లే, కాబట్టి అది పడిపోదు. వంటింట్లో అల్యూమినియం వైరును నేను ఒప్పుకోకపోవడానికి అసలు కారణం ఇదే. తప్పు జరిగే చోట కాపలా కాసేది ఏదీ లేదు. ఆర్‌సీసీబీ కూడా లీకేజీని చూస్తుంది తప్ప వేడిని చూడదు.

మొదటి దారి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. నొక్కుకుపోయిన వైరును మళ్లీ బిగిస్తే ఇంకా పలచబడుతుంది, ఒక్కోసారి స్క్రూ కిందే తెగిపోతుంది. కొత్త వైరు వచ్చేదాకా పొయ్యి వాడకుండా ఉంటే, ఆ నాలుగు రోజులకు పనికొస్తుంది, అంతే. చిన్న ఎంసీబీ వేసి లోడు తగ్గించడం కూడా అలాంటిదే.

రెండో దారి అంత తీసిపారేసేది కాదు, సరిగ్గా చేస్తే నిలుస్తుంది. అయితే అల్యూమినియం–రాగి జోడీకని ప్రత్యేకంగా తయారైన కనెక్టరే వాడాలి. ఆక్సైడును అడ్డుకునే పేస్టు పూసి, ఆ పేస్టు కిందే వైరును గీకి శుభ్రం చేయాలి. గీకాక పూస్తే ఆలస్యమైనట్టే, గాలి తగిలిన క్షణమే పొర మళ్లీ కడుతుంది. రెండు వైర్లనూ మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. రెండు లోహాలు నేరుగా తగులుతున్న చోట వంటింటి ఆవిరి చేరితే అల్యూమినియం తినుకుపోతుంది.

మీ ఇంట్లో ఈ దారికి అడ్డొచ్చేది కొనల సంఖ్య. మీ లైను మీద ఐదు సాకెట్ బాక్సులు వరసగా లూపులో ఉన్నాయి. వచ్చే మూడు, పోయే మూడు చొప్పున నాలుగు బాక్సుల్లో 24 కొనలు, చివరి బాక్సులో 3, బోర్డు దగ్గర 3, మొత్తం 30. ముప్పైలో ఒక్కటి సరిగ్గా కుదరకపోయినా పై కథ మళ్లీ మొదలవుతుంది. లోతు తక్కువ బాక్సుల్లో కనెక్టర్లు కుక్కితే పాత వైరు వంపు దగ్గర విరుగుతుంది కూడా. పైపులు పూడిపోయి, గోడ పగలగొట్టే వీలు లేనప్పుడు నేనూ ఇదే చేస్తాను. మీ పైపుల్లో మాత్రం వైరు లాగే స్ప్రింగు సాఫీగా పోయింది. అందుకే మీకు మూడోదే చెబుతున్నాను.

పని ఇలా ఉంటుంది. మెయిన్ ఆపి, టెస్టర్‌ను ముందు కరెంటున్న చోట చూసి, తర్వాత మీ లైను మీద చూసి, మళ్లీ కరెంటున్న చోట చూస్తాం. టెస్టరే పాడైతే చచ్చిన లైనని పొరబడకుండా ఈ మూడు చూపులూ తప్పవు. పాత వైరుకు కొత్తది కట్టి లాగడం తేలికే గానీ, అల్యూమినియం మధ్యలో తెగితే ముక్క పైపులోనే ఉండిపోతుంది. కాబట్టి పాతది ముందు బయటికి తీసి, స్ప్రింగుతో కొత్తది లాగుతాం.

పొయ్యికి, ఓవెన్‌కి చెరో లైను, 4 స్క్వేర్ ఎంఎం రాగి, చెరో 16 ఆంపియర్ల ఎంసీబీ. ఫ్రిజ్, మిక్సీ, నీళ్ల ఫిల్టరు సాకెట్లకు ఒక 2.5 స్క్వేర్ ఎంఎం లైను, దానికీ 16 ఆంపియర్లే. మూడింటికీ కలిపి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. లైట్లు, ఎగ్జాస్ట్ ఫ్యాను వైరు ఇప్పటికే రాగి, దాన్ని కదపం. బోర్డు నుంచి వంటింటికి 12 మీటర్లు, రెండు కొనల్లో అర మీటరు చొప్పున వదిలితే ఒక్కో వైరు 13 మీటర్లు. పెద్ద లైన్లు రెండింటికి ఫేజు, న్యూట్రల్ కలిపి 52 మీటర్లు, ఎర్తు 26. మూడు లైన్లూ పాత పైపులో ఇరుకైతే ఓవెన్ లైను గోడ మీద కేసింగులో పోతుంది. ఇరికించి లాగితే తొడుగు గీసుకుపోతుంది, వేడి కూడా బయటికి పోదు.

మీటరు నుంచి బోర్డుకు వచ్చే లావుపాటి అల్యూమినియం కేబుల్ మార్చనక్కర్లేదు. దాని కొనలకు లగ్గులు నొక్కి ఉన్నాయి, జాయింట్లూ రెండు చోట్లే. వాటి బిగింపు చూస్తే చాలు.

రెండు రోజుల పని. ఫ్రిజ్‌కు హాలు సాకెట్ నుంచి తాత్కాలికంగా లైను ఇస్తాం, ఆ సాకెట్ వైరు కూడా రాగేనని ముందే చూస్తాం. చూసే పద్ధతి మీకూ తెలిసి ఉండటం మంచిది: కరెంటు ఆపి వైరును బ్లేడుతో కాస్త గీకాలి. లోపలా తెల్లగానే ఉంటే అల్యూమినియం. పైన తెల్లగా ఉండి కింద ఎర్రగా తేలితే కళాయి పూసిన పాత రాగి, దాన్ని అల్యూమినియం అనుకుని పీకించుకోకండి.

అప్పగించే ముందు 500 వోల్టుల మెగ్గర్‌తో ప్రతి లైను ఇన్సులేషన్ నిరోధం కొలుస్తాం, 1 మెగాఓము కంటే తక్కువ వస్తే కరెంటు ఇవ్వం. ఎర్తు ప్రతి సాకెట్ దాకా చేరిందో లేదో చూస్తాం, ఆర్‌సీసీబీ బటన్ నొక్కి పడుతోందో లేదో చూస్తాం. ఆ తర్వాత పొయ్యి, ఓవెన్ రెండూ గంటసేపు నడిపి, ఆపిన వెంటనే ప్లగ్గు తీసి సాకెట్ ప్లేటు మీద అరచెయ్యి ఆనించి చూడండి. గోరువెచ్చన దాటి వేడి తగిలితే ఆ బాక్సు మీ ముందే విప్పి చూపిస్తాం.