బండిలో బొద్దింకలకు స్ప్రేనా, జెల్లా, ఉత్త కడుగుడా? కారుకు ఒకటి, ఆటోకు ఒకటి

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు మా కారులోనే బంగారం, అంటే అమ్మవార్లకు మొక్కు చెల్లించే బెల్లం, తీసుకుపోయాం. దారిలో ఒక బెల్లం ముద్ద సంచి చినిగి వెనక సీటు కింద పడింది. పైపైన ఏరేసి హన్మకొండ వచ్చేశాం. మూడో రోజు పొద్దున డోరు తీస్తే సీటు బెల్టు బకిల్ మీదుగా, డోరు రబ్బరు వెంట చీమల బారు. వానాకాలం వచ్చేసరికి బొద్దింకలు కూడా చేరాయి. అదే సమయంలో మా బామ్మర్ది ఆటోలోనూ ఇదే గోస. తను లక్ష్మీపురం మార్కెట్ నుంచి కూరగాయల బస్తాలు, కిరాణా అట్టపెట్టెలు వేస్తుంటాడు. బొద్దింకలు ఎక్కువగా ఎక్కేది ఆ అట్టపెట్టెల మడతల్లోంచే.

మొదట ఇద్దరం స్ప్రే కొట్టాం. నేను ఏసీ వెంట్లలో కూడా కొట్టాను. మర్నాడు కరీంనగర్ రోడ్డు మీద పోతుంటే వెంట్లోంచి ఒక బొద్దింక బయటికి వచ్చి స్టీరింగ్ మీదికి పాకింది. పక్కన ఉన్న మా ఆవిడ అరుపుకు బండి పక్క లేన్‌లోకి పోయింది. ఆ రోజు ఏమీ కాలేదు, అంతే. స్ప్రేలో ఉండే మందు తగిలినదాన్ని చంపుతుంది. తగలనివాటికి ఆ వాసన పడక ఇంకా లోపలికి, డాష్‌బోర్డు వెనక్కు పోతాయి. గుడ్ల సంచిలోకి ఆ మందు సరిగా దిగదు. కార్లలో ఎక్కువగా కనిపించే చిన్న గోధుమరంగు బొద్దింక ఒక్కో సంచిలో ముప్పై నుంచి నలభై గుడ్లు పెడుతుంది. అందుకే స్ప్రే కొట్టిన వారం బాగుంటుంది, తర్వాత చిన్న పిల్లలు బయలుదేరుతాయి. పైగా డబ్బాలో ఉండే గ్యాస్ మండే గుణం ఉన్నది. మూసిన కారులో కొట్టి వెంటనే స్టార్ట్ చేయకండి. ఎండకాలంలో ఆ డబ్బాను డిక్కీలో అసలే ఉంచకండి.

జెల్ తీరు వేరే. సిరంజిలో వస్తుంది, మందు ఫిప్రోనిల్ గానీ ఇమిడాక్లోప్రిడ్ గానీ ఉంటుంది. దీని వాసనకు బొద్దింక పారిపోదు. తిని దాక్కునే చోటికి పోయి చస్తుంది, దాని మలాన్నీ శవాన్నీ తిన్నవి కూడా చస్తాయి. డాష్‌బోర్డు వెనక మన చెయ్యి పోని చోటికి మందు వాటి కడుపులోనే పోతుందన్నమాట. అందుకే కారుకు నా ఓటు జెల్‌కే. ఒక్క షరతు: స్ప్రే కొట్టిన చోట జెల్ పెడితే బొద్దింక ముట్టదు. నేను ముందు స్ప్రే వాసన పోయేలా సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి, వారం ఆగి పెట్టాను.

అయితే జెల్ పెట్టే ముందు కారులో వేరే తిండి లేకుండా చేయాలి. బెల్లం, బిస్కెట్ పొడి దొరుకుతుంటే జెల్ ఎందుకు తింటాయి? ముందు మ్యాట్లు తీసి దులిపాను. సీటును పూర్తిగా ముందుకు జరిపి పట్టాల వెనక భాగం, పూర్తిగా వెనక్కి జరిపి ముందు భాగం వాక్యూమ్ పట్టాను. కరిగి పట్టాలకు అతుక్కున్న బెల్లాన్ని వాక్యూమ్ లాగదు. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి గట్టిగా పిండి అద్దితే కరిగింది, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే వచ్చేసింది. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే దాన్ని పీకకండి, అది ఎయిర్‌బ్యాగ్‌ది. గ్లోవ్ బాక్స్ వెనక ఉన్న క్యాబిన్ ఫిల్టర్ తీసి చూస్తే దాని మడతల్లో మిరియాల పొడిలాంటి నల్లటి చుక్కలు. అది బొద్దింకల మలం, అంటే గూడు ఆ దగ్గర్లోనే ఉన్నట్టు. ఫిల్టర్ మార్చేశాను. వాక్యూమ్‌లోని చెత్తను వెంటనే కవర్లో కట్టి బయట పడేయాలి, లేకపోతే అవే ఇంట్లోకి వస్తాయి. కార్పెట్ మీద బకెట్ నీళ్ళు పోయొద్దు. ఒక వాషింగ్ సెంటర్లో అలాగే చేసి తడి కారు ఇచ్చారు, ఆ తేమకు ఇంకా ఎక్కువయ్యాయి. తుడిచాక నాలుగు డోర్లు తీసి పూర్తిగా ఆరేదాకా ఎండలో పెట్టాను.

సాయంత్రం చల్లబడ్డాక జెల్ చుక్కలు పెట్టాను. ఒక్కోటి పెసరగింజంత, మొత్తం పన్నెండు: గేర్ పక్కన సందుల్లో, సీటు బ్రాకెట్ల కింద, గ్లోవ్ బాక్స్ మడత దగ్గర, స్టెప్నీ గుంటలో. పిల్లల చేతికి అందే చోట, ఏసీ గాలి తగిలే చోట వద్దు. నాలుగో రోజు పొద్దున మ్యాట్ మీద వెల్లకిలా పడ్డవి ఏడు కనిపించాయి. వారానికి తిన్న చోట మళ్ళీ నింపాను. నెలకు ఇంకోసారి పెట్టాను, గుడ్ల నుంచి వచ్చిన పిల్లల కోసం. ఈ మూడో విడత మానేస్తే మొదటి రెండూ వృథా.

బామ్మర్దికి ఇదే చెప్తే ఒప్పుకోలేదు. "నా ఆటోల మందు ఆగదు బావా, దుమ్ముకు ఎండిపోతది" అన్నాడు. తన మాటే నిజం. చుట్టూ తెరిచి ఉన్న బండిలో దుమ్ము పడ్డ జెల్ రెండు రోజుల్లో బొద్దింక ముట్టని రాయి అవుతుంది. కానీ ఆటోకు కారుకు లేని సౌకర్యం ఉంది, సీట్లు చేత్తో ఊడి వస్తాయి. వెనక సీటు మెత్త, డ్రైవర్ సీటు, రబ్బరు మ్యాట్ బయట వేసి ఎండలో నిలబెట్టాం. రెక్సిన్ కుట్టు చిరిగిన చోట స్పాంజి లోపల గూడు దొరికింది. దాన్ని కొత్త రెక్సిన్‌తో కుట్టించాం. ఫ్లోర్‌ను సబ్బు కలిపిన వేడి నీళ్ళతో బ్రష్ వేసి కడిగాం, వైర్లున్న చోట నీళ్ళు పోయకుండా. జెల్ మాత్రం డ్రైవర్ సీటు కింద పానాల పెట్టె లోపల నాలుగు చుక్కలే, అక్కడ దుమ్ము పడదు. ఇప్పుడు తను వారానికోసారి మ్యాట్ తీసి కడుగుతాడు, అట్టపెట్టెలను రాత్రి బండిలో ఉంచడు. ఆటోకు కడగడమే మేలు, జెల్ తోడు మాత్రమే. పత్తికి కొట్టగా మిగిలిన మందు కొడదామని స్టాండులో ఎవరో సలహా ఇచ్చారట. అది ప్రాణాంతకం. ఆ సీటు మీదే రోజంతా కూర్చునేది డ్రైవర్, పక్కన బడి పిల్లలు.

చీమలకు స్ప్రే, బొద్దింకల జెల్ రెండూ సరిపోవు. బారు మీద కొడితే కూలి చీమలే చస్తాయి, రాణి పుట్టలో క్షేమం. ముందు పుట్ట ఎక్కడుందో తేల్చాలి. నేను కారును ఒక రాత్రి వేరే చోట ఆపాను. చీమలు రాకపోతే పుట్ట పాత చోట నేలలోనో చెట్టు మీదో ఉన్నట్టు. అక్కడా కనిపించి, మ్యాట్ కింద తెల్లటి బియ్యపు నూకలాంటి పిల్లలు ఉంటే పుట్ట కారులోనే. మాది మొదటి రకం, వేపచెట్టు కింద టైర్ల మీదుగా ఎక్కుతున్నాయి. ఒక గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల చక్కెర, అర చెంచా బోరిక్ పౌడర్ కలిపి, దూదిలో ముంచి సీసా మూతలో వేసి టైరు పక్కన పెట్టాను. బోరిక్ ఎక్కువైతే పుట్టకు చేరకముందే చీమలు చస్తాయి, అందుకే అర చెంచానే. మొదటి రోజు చీమలు రెండింతలు వచ్చాయి, ఆపుకొని వాటిని చంపలేదు. వారం పది రోజుల్లో బారు పలచబడి ఆగిపోయింది. మూతను కుక్కలకు, పిల్లలకు అందకుండా చిల్లులున్న డబ్బా కింద పెట్టాను. తర్వాత జాతరకు బెల్లాన్ని మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి తీసుకుపోయాం.